ఆ మూడు రోజుల అద్దె ఒప్పుకో, బుజ్జీ

పాలకొల్లు,
ఫిబ్రవరి 14, 2026.

బుజ్జీ,

ఖాళీ చేసిన ఇంటి అడ్వాన్సు తిరిగివ్వమని ఓనరు గారికి పంపాలని నువ్వు రాసుకున్న ఉత్తరం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ కోపం వచ్చింది, ఆయన మీద. రెండోసారి చదివినప్పుడు నీ మీద వచ్చింది. నలభై ఏళ్లు దస్తావేజులు రాసి బతికిన మేనమామ ఉండి కూడా, తేదీలు చూసుకోకుండా మూడు పేజీలు నింపేశావు. అగ్రిమెంట్ ఫొటోలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆయనతో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒకేసారి పంపడం మాత్రం మంచి పని చేశావు. వాటిని పక్కన పెట్టుకునే నీ ఉత్తరం చదివాను. తప్పులు బయటపడింది అందుకే.

ముందు ఒకటి చెప్పాలి. నేను ఓనర్ని కూడా. వెనక పోర్షన్ పదిహేనేళ్లుగా అద్దెకిస్తున్నాను. అడ్వాన్సు తిరిగివ్వాల్సి వచ్చినప్పుడు ఓనరు మనసులో ఏం తిరుగుతుందో నాకు తెలుసు. ఆ డబ్బు ఎప్పుడో ఇంట్లో కలిసిపోయి ఉంటుంది. మీ భీమవరం ఓనరు గారిదయితే చెరువులో కలిసిపోయి ఉంటుంది, మేత రూపంలో. అందుకే ‘సంక్రాంతి వెళ్లనీ’ అన్నారు, తర్వాత ‘పట్టుబడి అయ్యాక చూద్దాం’ అన్నారు. ఎగ్గొడదామనే ఆలోచన మొదట్లో ఉండకపోవచ్చు. వాయిదా వేస్తూ పోతే, ఇవ్వకుండా ఉండటానికి కారణాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. కాబట్టి నీ ఉత్తరం ఆ కారణాలను ఒక్కొక్కటిగా తీసేసేలా ఉండాలి. ఆయన ఎలాంటి మనిషో తేల్చడం నీ ఉత్తరం పని కాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు దగ్గరికి వస్తాను. ‘డిసెంబరు 31న ఇల్లు ఖాళీ చేశాం, నెల ముందే మీకు చెప్పాం’ అని రాశావు. ఆ రోజు వ్యాన్ మాట్లాడుకుని సామాను అమలాపురం పంపేశారు, అది నిజమే. కానీ తాళాలు ఎప్పుడిచ్చారు? నువ్వు పంపిన మెసేజ్‌లోనే ఉంది చూడు. జనవరి 3 సాయంత్రం 5:40కి ‘అంకుల్, తాళాలు అమ్మమ్మగారి చేతికి ఇచ్చాం, మీటరు ఫొటో పెడుతున్నా’ అని నువ్వే పెట్టావు. ఇల్లు అప్పగించడమంటే తాళాలు అప్పగించడం. సామాను ఎప్పుడు వెళ్లిందన్నది లెక్కలోకి రాదు.

మూడు రోజుల అద్దె మీద పడుతుందని ఆ తేదీ రాయలేదని నాకు తెలుసు. తొమ్మిది వందల చిల్లర. అయితే అది మిగుల్చుకోబోయి ఏం పోగొట్టుకుంటున్నావో చూడు. అగ్రిమెంట్‌లో ఖాళీ చేసేవాళ్లు ఒక నెల ముందు తెలియజేయాలని ఉంది. మీరు ఖాళీ చేస్తున్నామని ఆయనకు మెసేజ్ పెట్టింది డిసెంబరు 2న. డిసెంబరు 31న ఇల్లు అప్పగించామని నువ్వే రాస్తే, నోటీసు నెల కాలేదని నీ చేతి రాతతోనే ఒప్పుకున్నట్టు. ఆయన ఫోన్లో అన్నది కూడా అదే కదా, ‘నోటీసు సరిగా ఇవ్వలేదు, అందుకని ఒక నెల అద్దె పట్టుకున్నా’ అని. తొమ్మిదిన్నర వేలు! అదే జనవరి 3 అని ఉన్నది ఉన్నట్టు రాస్తే, డిసెంబరు 2 నుంచి నెల నిండిపోయింది. నోటీసు గొడవే లేదు. మూడు రోజుల అద్దె ఒప్పుకుంటే నెల అద్దె గండం తప్పుతుంది. నిజం చెబితే చవకగా పోయే సందర్భాలు ఎక్కువ రావు, వచ్చినప్పుడు వదులుకోకు.

అగ్రిమెంట్ పదకొండు నెలలే కదా, అది 2025 ఏప్రిల్ 30కే అయిపోయింది కదా అని అల్లుడు అడిగాడట. అయిపోయింది. రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చనే అలవాటుతో అందరూ పదకొండు నెలలకే రాయించుకుంటారు, ఆ తర్వాత కొత్తది రాయించడం మర్చిపోతారు. నా బతుకంతా చూశాను. ఆయన అద్దె తీసుకుంటూ ఉన్నారు, మీరు ఉంటూ ఉన్నారు. వేరే మాట ఏదీ అనుకోకపోతే పాత షరతులే నడుస్తున్నట్టు లెక్క. అద్దె మాత్రం మే నుంచి 9,000 కాస్తా 9,500 అయింది, దానికి ప్రతి నెలా ఫోన్‌పే సాక్ష్యం ఉంది. కాబట్టి నోటీసు షరతు మీకు ఎలా వర్తిస్తుందో, అడ్వాన్సు తిరిగిచ్చే షరతు ఆయనకూ అలాగే వర్తిస్తుంది.

ఆ షరతు ఏమంటోందో నువ్వు చదివినట్టు లేవు. ‘రెండు నెలలుగా తిప్పుతున్నారు’ అని రాశావు. అగ్రిమెంట్ రెండో పేజీ అడుగున, స్టాంపు ముద్ర సగం కప్పేసిన చోట, ‘ఇల్లు స్వాధీనపరచిన 30 దినములలో అడ్వాన్సు సొమ్ము వాపసు ఇచ్చునట్లు’ అని ఉంది. జనవరి 3 నుంచి 30 రోజులంటే ఫిబ్రవరి 2. అంటే ఆయన గడువు దాటి ఇవాళ్టికి పన్నెండు రోజులు. నీ ఉత్తరం సోమవారం, అంటే 16న పోస్టు చేస్తే, పద్నాలుగు రోజులు. రెండు నెలలు అన్నావంటే ఆయన మొదట పట్టుకునేది ఆ మాటనే. ‘తాళాలిచ్చి నెలన్నర కాలేదు, రెండు నెలలంట!’ అని నలుగురికీ చెబుతారు, మిగతా ఉత్తరమంతా గాలికి పోతుంది. ‘ఫిబ్రవరి 2తో గడువు ముగిసింది’ అని రాయి. ఆ మాటకి ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇంకో తేదీ చూడు. మొదటి పేజీలో ‘జనవరి 20, 2025న మీరు పంపిన పది వేలు’ అని ఉంది. 2026 కదమ్మా! కొత్త సంవత్సరంలో రెండు నెలల దాకా చేతికి పాత అంకే వస్తుంది. నేను దస్తావేజులు రాసిన రోజుల్లో జనవరి, ఫిబ్రవరి కాగితాలు అన్నిటికంటే ఎక్కువసార్లు సరిచూసేవాణ్ణి. 2025 జనవరిలో మీరు ఆ ఇంట్లోనే ఉన్నారు, అప్పుడు ఆయన మీకు పది వేలెందుకు పంపుతారు? చదివినవాడికి అర్థం కాదు, కోర్టు దాకా వెళితే అవతలి వకీలుకి బాగా అర్థమవుతుంది. తేదీలన్నీ నెల పేరు అక్షరాల్లో, సంవత్సరం నాలుగు అంకెల్లో రాయి.

ఇక డబ్బు లెక్క. ‘మా 36,000 మాకు ఇచ్చేయండి’ అని అడిగావు, మధ్యలో ఎక్కడో ఆ పది వేలు పంపారని కూడా రాశావు. ఇచ్చినది తీసేయకుండా మొత్తం అడిగితే అది అడగడం కాదు, అరవడం. పైగా కరెంటు బిల్లు సంగతి లేదు, బాబు విరగ్గొట్టిన బాత్రూం కుళాయి సంగతి లేదు. ఆయన దగ్గర న్యాయంగా ఉన్న రెండు మూడు పద్దులు నువ్వే ముందుగా తీసేస్తే, అన్యాయంగా ఉన్న పద్దు ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. నేను ఇలా వేశాను.

అడ్వాన్సు 36,000. ఇందులో 10,000 టోకెన్‌గా చేతికిచ్చారు, 26,000 ఫోన్‌పే చేశారు. చేతికిచ్చిన దానికి రుజువు లేదని భయపడుతున్నావు, టెన్షన్ పడకు. అగ్రిమెంట్‌లో ‘అడ్వాన్సు రూ. 36,000 ఈ దినమున ముట్టినది’ అని ఆయన సంతకం కింద ఉంది. ఆ ‘ముట్టినది’ అన్న ఒక్క మాట చాలు. అది రాసిన లేఖరి ఎవరో గానీ పని తెలిసినవాడు.

జనవరి మూడు రోజుల అద్దె: 9,500ని జనవరి 31 రోజులతో భాగించి మూడుతో గుణిస్తే 919 రూపాయల 35 పైసలు. 919 అని వెయ్యి. కరెంటు చివరి బిల్లు 1,140, మీటరు రీడింగ్ నువ్వు తీసిన ఫొటోతో సరిపోయింది. కుళాయికి ఆయన 650 అన్నారు, బజారులో అంతే ఉంటుంది, బేరం ఆడకు. మూడూ కలిపి 2,709. 36,000లో అది పోను 33,291. జనవరి 20న వచ్చిన 10,000 పోను 23,291. నువ్వు అడగాల్సింది ఇదీ. రూపాయి ఎక్కువ కాదు, తక్కువ కాదు. గుండ్రంగా పాతిక వేలు అని రాస్తే నోటికొచ్చినట్టు అడిగినట్టుంటుంది. 23,291 అని చూడగానే వీళ్లు కూర్చుని లెక్క వేశారని ఆయనకి తెలుస్తుంది.

అంకెల్లోనూ రాయి, అక్షరాల్లోనూ రాయి. రెండూ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో వేరే ఎవరిచేతనైనా చదివించు. కొత్తలో ఒకాయనకి ఇలాంటి ఉత్తరమే రాసిపెడుతూ అంకెల్లో 18,500 వేసి, అక్షరాల్లో పదిహేను వేల ఐదు వందలు అని రాశాను. అవతలివాళ్లు మర్నాడే అక్షరాల లెక్క ప్రకారం కట్టేసి, రసీదు పుచ్చుకుని, చేతులు దులుపుకున్నారు. మిగతా మూడు వేలు నా జేబులోంచి ఇచ్చుకున్నాను. అప్పట్లో మూడు వేలంటే నాకు రెండు నెలల సంపాదన. మీ అత్తయ్య ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఆ పది వేల గురించి ఇంకో మాట. డబ్బు పడగానే నువ్వు ‘ముట్టింది అంకుల్, థాంక్యూ’ అని రెండు దండాల బొమ్మలు పెట్టావు. అంతటితో లెక్క సరిపోయిందని ఆయన అనొచ్చు. ఉత్తరంలో ‘అడ్వాన్సులో కొంత భాగంగా పంపిన 10,000’ అని స్పష్టంగా రాస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఈసారి డబ్బు కొంచెం కొంచెం పంపితే, దండాలతో పాటు ‘ఇంత ముట్టింది, ఇంకా ఇంత రావాలి’ అని కూడా పెట్టు.

ఇక పెయింటింగ్‌కని ఆయన పట్టుకున్న పన్నెండు వేలు. అసలు పేచీ ఇదే. నువ్వు పంపిన ఫొటోల్లో గోడ అడుగున మోకాలి ఎత్తు దాకా నెమ్మెక్కి, రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కాలువ గట్టు పక్కన ఇల్లు, వర్షాకాలమంతా పునాది తడిలోనే ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లో ఇలా నెమ్మెక్కని కింది పోర్షన్ ఎన్ని చూశావు? నా వెనక పోర్షన్‌లో మూడేళ్లకోసారి అంతవరకూ గీకించి మళ్లీ వేయిస్తాను, దానికి అద్దెకున్నవాళ్ల దగ్గర పైసా తీసుకోను. అది నా ఇంటి రోగం. చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలో అప్పగించాలి, అయితే మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకి అతని పూచీ లేదు.

కానీ రెండు సంగతులు చూసుకోవాలి. కొన్ని అగ్రిమెంట్లలో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటామని రాసి ఉంటుంది. రాసి ఉండి సంతకం పెడితే ఇక మాట్లాడటానికి ఉండదు. మీ దాన్లో వెతికాను, లేదు. ‘ఉన్నది ఉన్నట్టు అప్పగించవలెను’ అని మాత్రమే ఉంది. రెండోది, హాల్లో టీవీ కోసం డ్రిల్లింగ్ చేసిన నాలుగు రంధ్రాలు. అవి నెమ్ము వల్ల వచ్చినవి కావు, మీరు చేసినవి. ఆ నాలుగూ పుట్టీ పెట్టించిన ఖర్చు ఆయన అడిగితే ఇచ్చేయమంటాను. ఇల్లంతా రంగు వేయించి ఆ బిల్లు మీకు పంపితే ఒప్పుకోవద్దంటాను. ఉత్తరంలో ఆ రెండూ వేరు చేసి చెప్పాలి. నిజంగా ఖర్చుపెట్టిన బిల్లు అడగాలి. ఇంటికి పెయింటర్ వచ్చాడో లేదో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకున్నానని రాశావు చూడు, అది తీసేయి. నిజమే అయినా, చాటుమాటుగా ఆరా తీశావన్న కోపమే ఆయనకి మిగులుతుంది.

ఇక నీ మాటలు. ‘మీది పచ్చి మోసం’, ‘మా బాబాయి ఎస్పీ ఆఫీసులో ఉన్నారు’, ‘మీ అంతు చూడటం మాకు పెద్ద పని కాదు’. ఈ మూడూ కొట్టేశాను. మొదటిది నిరూపించలేవు. రెండోదాని వల్ల బాబాయికి ఇబ్బంది. మూడోది బెదిరింపు, ఆ కాగితం పట్టుకుని ఆయనే స్టేషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు లావాదేవీల్లో పోలీసులు ఎలాగూ ‘ఇది సివిల్ మ్యాటర్’ అనే అంటారు, ఉత్తరంలో వాళ్ల పేరెత్తడం దండగ.

అలా అని చివరి పేజీలో మరీ చతికిలపడ్డావు. ‘దయచేసి మీ వీలు చూసుకుని ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అట! ప్రార్థన ఎమ్మార్వో గారికి పెట్టుకునే అర్జీలో రాస్తారు. ఇది నీ డబ్బు. ‘పంపవలసిందిగా కోరుతున్నాను’ అంటే మర్యాదా ఉంది, బిగువూ ఉంది. ‘వీలు చూసుకుని’ అన్నావంటే ఆయనకి ఎప్పటికీ వీలు కాదు. తేదీ ఒకటి రాయి. ‘ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో’ అంటే ఎప్పుడు అందిందనే దగ్గర మళ్లీ పేచీ. ‘మార్చి 5, 2026, గురువారం లోపు’ అని రాస్తే, ఆయన క్యాలెండర్లో చూసుకుంటారు, నువ్వూ చూసుకుంటావు.

వడ్డీ మాట ఒక్క వాక్యంలో రావాలి. ‘నూటికి రెండు రూపాయల చొప్పున’ అని రాశావు. అది మనూళ్లో ప్రామిసరీ నోటు లెక్క, మీ అగ్రిమెంట్‌లో లేదు. రేటు రాయకు. గడువు దాటితే వడ్డీతో సహా అడుగుతామని చెప్పి ఊరుకో. వడ్డీ అడుగుతామని ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంటే, తర్వాత కోర్టులో అడగడానికి వీలుగా ఉంటుంది.

సెక్షన్ల నంబర్లు కూడా రాయకు. నీకు తెలియాలని నేను చెప్పాను. ఆయనకి రాస్తే ఉత్తరం చదవడం మానేసి నేరుగా వకీలు దగ్గరికి వెళతారు. ఆయన వకీలుకిచ్చే ఫీజు కూడా మీ అడ్వాన్సు లోంచే పట్టుకుందామని చూస్తారు.

నేను తిరగరాసింది ఇదీ. ఒక్క పేజీలో సరిపోతుంది.

అమలాపురం,
ఫిబ్రవరి 16, 2026.

ఇంటి యజమాని శ్రీ ........ గారికి,

నమస్కారం. భీమవరంలోని మీ ఇంటి కింది పోర్షన్‌ను జూన్ 1, 2024 నాటి అగ్రిమెంట్ ప్రకారం అద్దెకు తీసుకున్నాను. అడ్వాన్సుగా రూ. 36,000 మీకు ముట్టినట్టు అందులో ఉంది. ఖాళీ చేస్తున్నట్టు డిసెంబరు 2, 2025న మీకు వాట్సాప్‌లో తెలియజేసి, జనవరి 3, 2026న తాళాలు అప్పగించాము. అగ్రిమెంట్ ప్రకారం అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిన 30 రోజుల గడువు ఫిబ్రవరి 2, 2026తో ముగిసింది.

మా లెక్క ఇలా ఉంది.

అడ్వాన్సు: రూ. 36,000
జనవరి 1 నుంచి 3 వరకు అద్దె: రూ. 919
కరెంటు చివరి బిల్లు: రూ. 1,140
బాత్రూం కుళాయి: రూ. 650
తీసివేయవలసిన మొత్తం: రూ. 2,709
మాకు రావలసినది: రూ. 33,291
అడ్వాన్సులో కొంత భాగంగా జనవరి 20, 2026న మీరు పంపినది: రూ. 10,000
ఇంకా రావలసినది: రూ. 23,291 (ఇరవై మూడు వేల రెండు వందల తొంభై ఒక్క రూపాయలు)

పెయింటింగ్‌కు రూ. 12,000, నోటీసు కింద ఒక నెల అద్దె పట్టుకున్నట్టు మీరు ఫిబ్రవరి 8న ఫోన్లో చెప్పారు. మేము తెలియజేసిన రోజుకీ తాళాలు ఇచ్చిన రోజుకీ మధ్య నెల నిండింది కాబట్టి నోటీసు కింద మేము ఇవ్వవలసినది లేదు. గోడల అడుగున రంగు లేవడం నెమ్ము వల్ల వచ్చినది. ఆ ఖర్చుకు మేము బాధ్యులం కాము. హాల్లో టీవీ కోసం చేసిన నాలుగు రంధ్రాలు పూడ్పించిన ఖర్చు ఉంటే, దాని బిల్లు పంపండి, ఆ మేరకు తగ్గించుకుంటాము.

పై మొత్తం రూ. 23,291 మార్చి 5, 2026, గురువారం లోపు, ఇంతవరకు అద్దె పంపుతూ వచ్చిన నా ఫోన్‌పే నంబరుకే పంపవలసిందిగా కోరుతున్నాను. ఆ తేదీ దాటితే ఫిబ్రవరి 3, 2026 నుంచి వడ్డీతో సహా చట్ట ప్రకారం రాబట్టుకోవలసి వస్తుంది. అంతవరకు రాకూడదనే మా కోరిక. మీ ఇంట్లో ఉన్న 19 నెలలూ మీరు మమ్మల్ని బాగా చూసుకున్నారు.

ఇట్లు,
(సంతకం)

జతపరచినవి: అగ్రిమెంట్ జిరాక్సు, తాళాలు ఇచ్చిన రోజు మెసేజ్, మీటరు ఫొటో, కరెంటు బిల్లు.

చివరి వాక్యం ఎందుకు పెట్టానా అని అనుకుంటావు. నీ మూడు పేజీల్లో ఒకచోట ‘వరదలప్పుడు మీ ఇంట్లో వండి పంపిన సంగతి మర్చిపోలేదు’ అని ఉంది. అది చదివాక పెట్టాను. అబద్ధమైతే పెట్టేవాణ్ణి కాదు.

సంతకం నీది కాదు, అల్లుడిది. అగ్రిమెంట్ అతని పేరు మీద ఉంది. నువ్వు సంతకం పెడితే ‘నీకూ నాకూ లావాదేవీ ఏంటమ్మా’ అని ఒక్క మాటతో పక్కన పెట్టేయొచ్చు. అలాగే కవరు మీద పేరు అగ్రిమెంట్‌లో ఓనరుగా ఎవరి పేరు ఉంటే వాళ్లదే. తాళాలు తీసుకున్న పెద్దావిడది కాదు, ఫోన్లో మాట్లాడే కొడుకుదీ కాదు.

వాట్సాప్‌లో ఫొటో పెట్టు, కానీ పోస్టులో కూడా పంపు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో స్పీడ్ పోస్టు అని చెప్పి, రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కూడా కావాలని అడుగు. రసీదు, ఉత్తరం నకలు ఒకే కవర్లో దాచు. ఆయన తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చించకు. సీలుతో అలాగే ఉంచు, దాని విలువ ఉత్తరం కంటే ఎక్కువ.

మార్చి 5 దాటినా రాకపోతే వెంటనే వకీలు నోటీసు అనకు. భీమవరం కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ వాళ్లుంటారు, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇద్దరూ ఒప్పుకుని అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. అవతలి మనిషి రానంటే మాత్రం అక్కడ బలవంతం చేయలేరు, అప్పుడు దావా. దానికి గడువు తీరిన నాటి నుంచి మూడేళ్ల టైముంది, కంగారు లేదు.

నా అనుభవంలో అంతదాకా వెళ్లదు. ఉత్తరం అందిన రోజో మర్నాడో ఆయన ఫోన్ చేస్తారు. ‘ఏంటమ్మా, ఇంత చిన్నదానికి పోస్టులు గట్రా’ అంటారు. నొచ్చుకున్నట్టు మాట్లాడతారు. నువ్వు కరిగిపోకు, వాదించకు. ‘అంకుల్, లెక్క మాత్రమే రాశాం, తప్పుంటే చెప్పండి’ అను. ఆయన బేరంలోకి వచ్చి ‘ఇరవై వేలు పంపిస్తా, వదిలేయండి’ అంటే ఏం చేయాలని మీ అమ్మ అడిగింది. నేనైతే టీవీ రంధ్రాలకీ, క్లీనింగ్‌కీ వెయ్యి, పదిహేను వందల దాకా వదులుకుంటాను, అంటే ఇరవై రెండు వేలు చేతికొస్తే ఊరుకుంటాను. ఇరవైకి ఒప్పుకోవడం మీ ఇష్టం, మీకూ అక్కడ కొత్త ఇంటి అడ్వాన్సు కట్టిన ఇబ్బంది ఉంది. ఎంతకి ఒప్పుకున్నా, ‘లెక్క పూర్తయింది’ అన్న మెసేజ్ మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకే పెట్టు, ‘పంపిస్తున్నా’ అన్నప్పుడు కాదు.

సోమవారం పోస్టు చేయగానే రసీదు ఫొటో నాకు పంపు. సాఫ్‌గా రాసిన కాపీ ముందే ఒకసారి చదివి వినిపించు, ఫోన్లో అయినా సరే. సంవత్సరం అంకెలు నేను వినాలి.

మీ మామయ్య